ఇబిడ్, ఆప్. సిట్., సీఎఫ్. ఉన్న ఫుట్‌నోట్ పట్టుకుని లైబ్రరీలో అసలు మూలం దాకా ఎలా వెళ్లాలి?

లత_గుంటూరు

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. అంశం కాకతీయుల కాలపు తీరప్రాంత వర్తకం. మోటుపల్లి రేవు గురించి 1950ల నాటి ఒక ఇంగ్లిష్ పుస్తకం చదువుతున్నాను. అందులో ఫుట్‌నోట్లు నాకు చుక్కలు చూపిస్తున్నాయి. వరుసగా రెండు పేజీల్లో ఉన్నవి ఇవి. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్నే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.

212వ పేజీ అడుగున:
1. ఇ.ఐ., 12, పే. 188 ఎఫ్‌ఎఫ్.
2. ఇబిడ్.
3. యూల్, ఆప్. సిట్., 2, పే. 361.

213వ పేజీ అడుగున:
1. ఇబిడ్., పే. 360.
2. సీఎఫ్. అనపోతారెడ్డి మోటుపల్లి శాసనం.
3. సూయెల్, ఆప్. సిట్., అని రాసి ఒక పేజీ నంబర్.

212లో రెండో నోట్ ఉన్న వాక్యం, గణపతిదేవుడు సరుకుల మీద ముప్పైలో ఒక వంతు సుంకం తీసుకున్నాడని. 213లో మొదటి నోట్ ఉన్న వాక్యం, ముత్ఫిలి, అంటే మోటుపల్లి, వజ్రాల గురించి. ఇ.ఐ. అంటే ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక అని సీనియర్ చెప్పారు. సరేనని మా లైబ్రరీ కంప్యూటర్‌లో మోటుపల్లి పిల్లర్ ఇన్‌స్క్రిప్షన్ అని వెతికితే ఒక్కటీ రాలేదు. ఇంటర్నెట్‌లో 12వ సంపుటం పీడీఎఫ్ దొరికింది, 360వ పేజీ తీశాను. వజ్రాల మాటే లేదు, వేరే ఏదో శాసనం ఉంది. పుస్తకం రాసినాయన పొరపాటు పడ్డారా, నేను చదవడంలో తప్పు ఉందా? వచ్చే వారం గైడ్ గారికి అధ్యాయం ఇవ్వాలి, బాగా టెన్షన్‌గా ఉంది.

మధుమతి_ఎంఏ

లతా, ఇబిడ్ అంటే మన తెలుగు థీసిస్‌లలో "పైదే" అని రాస్తాం కదా, అదే. ఆప్. సిట్. కూడా దాదాపు అదే, పైన చెప్పిన పుస్తకం అని. సీఎఫ్. అంటే "చూ.", అంటే చూడండి అని. కాబట్టి సుంకం గురించి ఆధారం కావాలంటే అనపోతారెడ్డి శాసనం కూడా చూడమని ఆయన చెబుతున్నారు. ఆ రెండూ కలిపి నువ్వు ఆధారంగా ఇచ్చేయొచ్చు. నేను మా ఎంఏ డిసర్టేషన్‌లో అలాగే చేశాను.

చీరాల_శీను

లత గారూ, మోటుపల్లి శాసనం కోసం ఇంత కష్టం ఎందుకండీ? మా చీరాల పక్కనే. చినగంజాం వైపు వెళ్లి అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగితే ఊరు వస్తుంది. వీరభద్రస్వామి గుడిలో ఉంది ఆ స్తంభం. మా నాన్నగారు నన్ను చిన్నప్పుడే తీసుకెళ్లి చూపించారు. రండి, నేను దగ్గరుండి చూపిస్తాను. అక్షరాలు చాలా చోట్ల అరిగిపోయాయి కానీ, ముట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాయి అది.

లత_గుంటూరు

శీను గారూ, చాలా థ్యాంక్స్ అండీ, తప్పకుండా వస్తాను. కానీ ఇప్పుడు నాకు కావలసింది రాయి కాదు. ఆ పుస్తకంలో చెప్పిన ఒక్కో మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

రావు_గ్రంథాలయం

లతమ్మా, నేను ముప్పై రెండేళ్లు లైబ్రరీలో రిఫరెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నీ పుస్తకంలో తప్పు లేదు. 360వ పేజీ కోసం నువ్వు వేరే పుస్తకం తెరిచావు, అంతే.

పాత పుస్తకాల్లో ఫుట్‌నోట్ నంబర్లు ప్రతి పేజీకీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. 213వ పేజీలో మొదటి నోట్ ఇబిడ్ అని ఉంటే నీ కళ్లు వెంటనే 212వ పేజీ మొదటి నోట్ దగ్గరికి వెళ్లాయి. రెండూ ఒకటో నంబరే కదా, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఇబిడ్‌కి నంబర్లతో పని లేదు. దానికి సరిగ్గా ముందున్న నోట్ ఏదో దాన్నే పట్టుకుంటుంది. 213లో మొదటి నోట్‌కి ముందున్నది 212లో చివరి నోట్, అంటే యూల్. కాబట్టి 360వ పేజీ యూల్ పుస్తకంలోది. సంపుటం నంబర్ ఇవ్వలేదు కనుక అది కూడా పై నోట్‌లోదే, రెండో సంపుటం.

212లో రెండో నోట్ చూడు. ఇబిడ్ తరవాత పేజీ నంబర్ లేదు. అంటే పుస్తకమే కాదు, చోటు కూడా పై నోట్‌లో చెప్పినదే: ఇ.ఐ. 12, 188వ పేజీ, దాని తరవాతి పేజీలు. ఆ ఎఫ్‌ఎఫ్. అన్నది "ఇక్కడి నుంచి ముందుకు" అని చెప్పడానికి. ఎన్ని పేజీలో చెప్పదు, అదే దానితో చిక్కు. ముప్పైలో ఒక వంతు అన్న మాట 188వ పేజీలోనే ఉంటుందని ఆశపడకు. వ్యాసం మొత్తం చదవాలి.

మధుమతి గారి మాటలో ఇబిడ్ వరకు సరైనదే. ఆప్. సిట్. మాత్రం వేరే. ఇబిడ్‌కి ముందు రచయిత పేరు ఉండదు, ఎందుకంటే అది పక్కనే ఉన్నదాన్ని చూపిస్తుంది. ఆప్. సిట్. ముందు పేరు తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే అసలు వివరం వంద పేజీల వెనక కూడా ఉండొచ్చు. "యూల్, ఆప్. సిట్." అంటే యూల్ పుస్తకం పూర్తి పేరు, ఊరు, ఏడు ముందెక్కడో ఒకసారి ఇచ్చేశాను, వెనక్కి వెళ్లి వెతుక్కో అని అర్థం. కాబట్టి 211, 210 అంటూ వెనక్కి ప్రతి పేజీ అడుగూ చూసుకుంటూ పో. విసుగ్గా ఉంటే పుస్తకం చివరి ఇండెక్స్‌లో యూల్ పేరు చూడు, మొదటి పేజీ నంబర్ దగ్గర పూర్తి వివరం దొరికే అవకాశం ఎక్కువ.

సీఎఫ్. గురించి రాత్రికి రాస్తాను. అది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి.

విజయ్_డల్లాస్

ఇంకా ఇవన్నీ ఎవరు వాడుతున్నారండీ? చికాగో మాన్యువల్ 2017 ఎడిషన్‌లోనే ఇబిడ్ బదులు రచయిత పేరు, చిన్న టైటిల్ రాయడం మేలని చెప్పారు. ఆప్. సిట్.ని అయితే వాళ్లు ఒప్పుకోనే ఒప్పుకోరు. లత గారూ, మీ థీసిస్‌లో దయచేసి ఇవి వాడకండి. నా అనుభవం చెబుతాను. నా థీసిస్ మూడో అధ్యాయంలో ఒక పేరా పైకి జరిపాను, దానితోపాటు ఫుట్‌నోట్ కూడా జరిగింది. కింద ఉన్న ఇబిడ్ అక్కడే ఉండిపోయి కొత్తగా దాని పైన పడ్డ పుస్తకాన్ని పట్టుకుంది. పేజీ నంబర్ కూడా ఆ పుస్తకంలో ఉండేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. వైవా ముందు రోజు రాత్రి నాకు కనపడింది. అలాంటివి పదకొండు దొరికాయి. ఆ రాత్రంతా నిద్ర లేదు.

లత_గుంటూరు

విజయ్ గారూ, నేను రాసేటప్పుడు తప్పకుండా మీరు చెప్పినట్టే చేస్తాను. కానీ నేను చదవాల్సిన పుస్తకాలన్నీ ఆ కాలానివే, వాటిలో ఇవే ఉన్నాయి.

రావు గారూ, మీరు చెప్పినట్టు వెనక్కి వెళ్లాను. 97వ పేజీలో దొరికింది! సర్ హెన్రీ యూల్ అనువదించిన మార్కో పోలో పుస్తకం, హెన్రీ కోర్డియర్ సవరించిన మూడో ఎడిషన్, రెండు సంపుటాలు, లండన్, 1903. ఇంత సులువని తెలియక వారం రోజులు తిరిగాను. మా లైబ్రరీలో యూల్ ఉంది కానీ అది 1875 నాటి రెండో ఎడిషన్‌కి రీప్రింట్. అందులో 360వ పేజీలో మోటుపల్లి లేదు.

రావు_గ్రంథాలయం

ఉండదు. ఎడిషన్ మారితే పేజీలు జరుగుతాయి. యూల్ పుస్తకం మొదట 1871లో వచ్చింది, తరవాత 1875లో, ఆయన పోయాక 1903లో కోర్డియర్ కొత్త నోట్స్ చేర్చి తెచ్చారు. నోట్స్ పెరిగిన కొద్దీ పుస్తకం లావైంది. ఇలాంటప్పుడు పేజీని వదిలి అధ్యాయాన్ని పట్టుకోవాలి. ముత్ఫిలి రాజ్యం మూడో భాగంలో 19వ అధ్యాయం. దాన్ని తీస్తే నీ దగ్గరున్న కాపీలోనూ విషయం దొరుకుతుంది. కానీ నీ థీసిస్‌లో పేజీ నంబర్ ఇచ్చేటప్పుడు నువ్వు చేత్తో పట్టుకున్న ఎడిషన్ పేజీ ఇవ్వు, ఏ ఎడిషనో రాయి. 1903 ఎడిషన్ చూడకుండా 360 అని రాయవద్దు.

ఇంకో సంగతి. ఆ అధ్యాయంలో ముందు మార్కో పోలో చెప్పిన మాటలు ఉంటాయి, వాటి కింద యూల్ రాసిన వివరణలు ఉంటాయి. ఫుట్‌నోట్‌లో యూల్ అని మాత్రమే ఉంది కాబట్టి నీ రచయిత ఎవరి మాట తీసుకున్నాడో నువ్వే తేల్చుకోవాలి. వజ్రాల కథ పోలోది. రాణి విషయంలో ఇది మరీ ముఖ్యం. భర్త పోయాక నలభై ఏళ్లుగా ఒక రాణి ఏలుతోందని పోలో రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురని మన శాసనాల వల్ల మనకు తెలుసు. ఆ ఫుట్‌నోట్ దగ్గరే ఆగిపోయి పుస్తకంలోని వాక్యాన్ని దించుకున్నవాళ్లు, పోలో పొరపాటును కూడా యూల్ పేరు మీద ముందుకు మోసుకుపోతారు.

రావు_గ్రంథాలయం

ఇప్పుడు సీఎఫ్. మధుమతి గారూ, ఏమీ అనుకోకండి, ఇది చాలా మంది చేసే పొరపాటే. సీఎఫ్. అంటే చూడండి కాదు, పోల్చి చూడండి. తెలుగులో కొందరు "పోల్చండి" అని సరిగ్గానే రాస్తారు. చూడండి అంటే నా మాటకు అక్కడ మద్దతు ఉంది అని. పోల్చండి అంటే అక్కడ ఉన్నది దీనిలాంటిదే కావచ్చు, తేడాగా ఉండొచ్చు, ఒక్కోసారి పూర్తిగా విరుద్ధంగా కూడా ఉండొచ్చు. అలా ఎందుకు పెట్టాడో రచయిత చెప్పడు, చదివిన మనమే తెలుసుకోవాలి.

లతమ్మ నోట్‌నే తీసుకోండి. గణపతిదేవుడి శాసనం శక సంవత్సరం 1166, అంటే 1244-45. ఓడ పగిలితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకునంతా అంతకు ముందు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తీసుకుని మిగతాది వదిలేస్తున్నానని అందులో అభయం ఇచ్చాడు. అనపోతారెడ్డి శాసనం 1358 నాటిది. రాజ్యం వేరు, రాజు వేరు, మధ్యలో నూట పదేళ్లకు పైగా గడిచాయి. ఆయన కూడా అదే ఊళ్లో సముద్ర వర్తకులకు హామీలు, రాయితీలు ఇచ్చాడు. అందుకే రచయిత పోల్చమన్నాడు. అంతే తప్ప గణపతిదేవుడి సుంకానికి అనపోతారెడ్డి శాసనం ఆధారం కాదు, కాలేదు కూడా. ఆ రెండూ కలిపి ఆధారంగా ఇస్తే పరీక్షకుడు మొదటి ప్రశ్నే దాని మీద వేస్తాడు.

మోటుపల్లి శాసనం అని మాత్రమే రాసి ఉన్నచోట కూడా ఏ శాసనమో చూసుకో లతమ్మా. ఊరు ఒకటే, శాసనాలు ఒకటి కంటే ఎక్కువ.

మధుమతి_ఎంఏ

రావు గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. నా డిసర్టేషన్ తీసి చూసుకున్నాను. సీఎఫ్.ని "చూ."గా మార్చిన చోట్లు ఆరు ఉన్నాయి. వాటిలో రెండు చోట్ల, నేను ఆధారంగా చూపించిన వ్యాసం నిజానికి ఆ వాదనను ఒప్పుకోలేదు. అది నేను చదవకుండానే ఇచ్చాను. బాధగా ఉంది.

కానీ ఒక్క విషయంలో నాకు ఇంకా అనుమానం. తెలుగు థీసిస్‌లలో సీఎఫ్. అని రాసిన వాళ్లంతా పోల్చమనే అర్థంతోనే రాశారా? నేను చూసిన చాలా వాటిలో అది నిజంగానే చూడండి అన్న అర్థంలోనే ఉంది.

రావు_గ్రంథాలయం

మంచి ప్రశ్న. మీరన్నది నిజమే, మన దగ్గరే కాదు, ఇంగ్లిష్‌లో రాసేవాళ్లలోనూ చాలామంది ఆ తేడా పాటించరు. రాసినవాడు ఏ అర్థంతో వాడాడో అక్షరం చూసి తేల్చలేం. ఆ పుస్తకంలోనే నాలుగైదు సీఎఫ్.లు తీసి, అవి చూపించే చోట్లు చదివితే ఆయన అలవాటు తెలుస్తుంది. లతమ్మ రచయిత విషయంలో ఈ ఒక్క నోట్ చూస్తే పోల్చమనే అనిపిస్తోంది. మిగతావి నేను చూడలేదు.

లాయర్_సుబ్బారావు

నేను కోర్టు తీర్పులు చదివేవాణ్ని. మాకు ఇబిడ్ కంటే సుప్రా ఎక్కువ. కేసు పేరు పక్కన సుప్రా అని ఉంటే ఇదే తీర్పులో పైన ఎక్కడో ఆ కేసు పూర్తి వివరం ఇచ్చారని అర్థం. మీ చరిత్ర పుస్తకాల్లో కూడా అలాగే అనుకుని ఒకసారి పప్పులో కాలేశాను. ఒక పుస్తకంలో "సుప్రా, పే. 97" అని ఉంటే, ముందు నోట్‌లో ఉన్న పుస్తకంలో 97వ పేజీ అనుకుని దాని కోసం రెండు లైబ్రరీలు తిరిగాను. అది నేను చేత్తో పట్టుకున్న పుస్తకంలోనే 97వ పేజీ! లత గారికి ఇది పనికొస్తుందో లేదో తెలియదు, తారసపడితే గుర్తుంటుందని చెప్పాను.

లత_గుంటూరు

సుబ్బారావు గారూ, ఇదే పుస్తకంలో నాలుగు చోట్ల సుప్రా ఉందండీ. ఇప్పుడు అర్థమైంది.

రావు గారూ, మరి ఎపిగ్రాఫియా ఇండికా సంగతి? కేటలాగ్‌లో ఏమీ రాలేదన్నాను కదా. లైబ్రరీలో అది లేదనే అనుకోవాలా?

రావు_గ్రంథాలయం

లేదని అనుకోవద్దు. నువ్వు వెతికింది వ్యాసం పేరు. లైబ్రరీ కేటలాగ్‌లో పుస్తకాల పేర్లు, పత్రికల పేర్లు ఉంటాయి, వాటి లోపలి వ్యాసాల పేర్లు మామూలుగా ఎక్కించరు. మోటుపల్లి స్తంభ శాసనాన్ని ప్రకటించింది హుల్ష్. ఆ వ్యాసం 12వ సంపుటంలో 188వ పేజీ దగ్గర మొదలవుతుంది. హుల్ష్ పేరుతో వెతికినా అది రాదు, ఆయన సంపాదకత్వంలో వచ్చిన దక్షిణ భారత శాసనాల సంపుటాలు రావచ్చు. కాబట్టి కేటలాగ్‌లో టైటిల్ దగ్గర ఇలా మాత్రమే కొట్టు:

```
Epigraphia Indica
```

సంపుటం నంబర్ కొట్టవద్దు, మోటుపల్లి అనీ కొట్టవద్దు. చాలా లైబ్రరీలు మొత్తం సెట్‌కి ఒకే ఎంట్రీ పెట్టి, ఏ సంపుటాలు ఉన్నాయో లోపల రాస్తాయి. కంప్యూటర్‌లో ఎక్కించని పాత సెట్లు కూడా ఉంటాయి. అందుకని పీరియాడికల్స్ విభాగంలో మనిషిని నోటితో అడుగు. అట్ట వెన్ను మీద సంపుటం నంబర్ రోమన్ అంకెల్లో ఉంటుంది. 12కీ 7కీ తేడా జాగ్రత్తగా చూసుకో, హడావుడిలో తప్పు సంపుటం తీసుకొచ్చి పేజీ లేదనుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను. సంపుటం మీద 1913-14 అని ఉంటుంది. తరవాత పురావస్తు శాఖ వేసిన రీప్రింట్‌లో అచ్చయిన ఏడు వేరుగా కనిపిస్తుంది. అది చూసి వెనక్కి పెట్టేయవద్దు, లోపలి పేజీలు అవే.

నీ దగ్గరున్న పీడీఎఫ్ కూడా పనికొస్తుంది. కానీ పీడీఎఫ్ పెట్టెలో 188 కొడితే అచ్చు పేజీ 188 రాదు, ముందు మాటలు, విషయసూచిక అన్నీ లెక్కలోకి వస్తాయి. ఏదో ఒక పేజీ తీసి దాని మీద అచ్చైన నంబర్ ఎంతో, పీడీఎఫ్ చూపించేది ఎంతో చూసి ఆ తేడా కలుపుకో. శాసనాల ఫొటో ప్లేట్లకు పేజీ నంబర్లు ఉండవు, మధ్యలో అవి వచ్చిన ప్రతిసారీ తేడా కొంచెం పెరుగుతుంది. 360 దగ్గర సరిపోయిన లెక్క 188 దగ్గర సరిపోదు.

చీరాల_శీను

లత గారూ, మొన్న నేను ప్రశ్న సరిగ్గా అర్థం చేసుకోలేదు. మా దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది కదా, 1918లో పెట్టిన లైబ్రరీ. పాత పత్రికలు, పుస్తకాలకు ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. గాంధీగారు 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేశారు. మీ పుస్తకాలు అక్కడ ఉన్నాయో లేదో నేను వెళ్లి కనుక్కుంటాను, మోటుపల్లి కూడా దగ్గరే కాబట్టి ఒకే రోజులో రెండూ అవుతాయి. ఏమేం అడగాలో ఒక కాగితం మీద రాసి పెట్టండి.

లత_గుంటూరు

శీను గారూ, చాలా పెద్ద సాయం అండీ. మూడే అడగండి: ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటం, యూల్ మార్కో పోలో 1903 ఎడిషన్ రెండో సంపుటం, సూయెల్ పుస్తకాలు ఏవి ఉంటే అవి.

ఎందుకంటే సూయెల్ దగ్గర నేను మళ్లీ ఆగిపోయాను. వెనక్కి చూస్తూ వెళ్తే ఈ పుస్తకంలో సూయెల్‌వి మూడు పుస్తకాలు కనిపించాయి. 31వ పేజీలో విజయనగరం మీద రాసిన పుస్తకం, 1900. 88వ పేజీలో మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తు జాబితాలు, 1882. 140వ పేజీలో దక్షిణ భారత చారిత్రక శాసనాల పుస్తకం, 1932. ఆప్. సిట్. అంటే వీటిలో ఏది?

విజయ్_డల్లాస్

అన్నిటికంటే దగ్గరగా ఉన్నదే కదా. 140వ పేజీలోదే, 1932.

రావు_గ్రంథాలయం

అదే అయ్యుండొచ్చు విజయ్ గారూ, కానీ దగ్గరగా ఉంది కాబట్టి అదే అనడానికి లేదు. ఒకే రచయితవి ఒకటి కంటే ఎక్కువ పుస్తకాలు వాడినప్పుడు ఆప్. సిట్. పక్కన చిన్న టైటిల్ కూడా ఇవ్వాలి. ఈయన ఇవ్వలేదు. అందువల్ల పుస్తకాల తీరును బట్టి వెతకాలి.

విజయనగరం పుస్తకాన్ని చివరికి పెట్టు, 13వ శతాబ్దం మోటుపల్లికి దానితో పని తక్కువ. 1932 పుస్తకం ఏడాది వరుసలో ఉంటుంది. నీ నోట్‌లో ఉన్న పేజీ తీయి. అక్కడ 1240ల శాసనాలు కనిపిస్తే దాదాపు ఖాయం. వేరే శతాబ్దం వస్తే అది కాదు. 1882 జాబితా అలా కాదు, జిల్లాలు, తాలూకాల వరుసలో ఉంటుంది. అక్కడ మోటుపల్లిని ప్రకాశం జిల్లాలోనో ఇప్పటి బాపట్ల జిల్లాలోనో వెతికితే దొరకదు. అప్పట్లో బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది, గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. మొదటి సంపుటంలో కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకా తీసి, నీ నోట్‌లోని పేజీ ఆ పరిధిలో పడుతుందో లేదో చూడు.

రెండు పుస్తకాల్లోనూ ఆ పేజీ సరిపోతే, నీ వాక్యంలోని మాట ఏ పేజీలో ఉందో అదే. రెండింటిలోనూ లేకపోతే అచ్చుతప్పు కావచ్చు. అప్పుడు పక్కనున్న పేజీలు, తారుమారైన అంకెలు చూడు. 114 బదులు 141 అని పడటం నేను చూశాను.

లత_గుంటూరు

రావు గారూ, నిన్న యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. పీరియాడికల్స్‌లో అడిగితే లోపలి గదిలోంచి ఎపిగ్రాఫియా ఇండికా సెట్ చూపించారు! కేటలాగ్‌లో లేదు, బీరువాలో ఉంది. 12వ సంపుటంలో హుల్ష్ వ్యాసం మొత్తం చదివాను. ముప్పైలో ఒక వంతు సుంకం మాట అనువాదంలో ఉంది. కింద మూలపాఠంతో సరిచూసుకుని ఆ పేజీ నంబర్ రాసుకున్నాను. ఇంక నా నోట్‌లో ఆ పాత పుస్తకం పేరు అక్కర్లేదు, నేరుగా హుల్ష్ వ్యాసమే ఇస్తాను.

యూల్ 1903 ఎడిషన్ ఇంటర్నెట్‌లో దొరికింది. 360వ పేజీలో వజ్రాల కథ ఉంది. అది పోలో మాటే, యూల్ వివరణ కాదు. నా అధ్యాయంలో "యూల్ ప్రకారం" అని రాసిన వాక్యాన్ని "మార్కో పోలో ప్రకారం" అని మార్చాను.

సూయెల్ మాత్రం తేలలేదు. 1932 పుస్తకం బైండింగ్‌కి వెళ్లిందట, రెండు వారాలు పడుతుందన్నారు. 1882 జాబితా ఉంది, అందులో నా నోట్‌లోని పేజీ మోటుపల్లి మీదా పడలేదు, బాపట్ల తాలూకాలోనూ పడలేదు.

రావు_గ్రంథాలయం

అయితే అవకాశం 1932 వైపే ఎక్కువ. కానీ చూడకుండా రాయవద్దమ్మా. గైడ్ గారికి ఈ వారం ఇవ్వాలంటే, ఆ వాక్యానికి నువ్వు చదివిన పాత పుస్తకాన్నే ఆధారంగా చూపించు. 213వ పేజీ, అందులో సూయెల్‌ను ఉదహరించారు అని రాయి. అది నిజం. సూయెల్‌ను నువ్వు చూశానని రాస్తే నిజం కాదు. పుస్తకం బైండింగ్ నుంచి వచ్చాక మార్చుకోవచ్చు.

మధుమతి_ఎంఏ

రావు గారూ, ఒకే నోట్‌లో రెండు పుస్తకాలు ఇచ్చి, తరవాతి నోట్ ఇబిడ్ అని ఉంటే? నా దగ్గరున్న ఒక థీసిస్‌లో "పైదే, పుట 45" అని ఉంది, దాని పైన సెమికోలన్ పెట్టి రెండు పుస్తకాలు ఉన్నాయి.

రావు_గ్రంథాలయం

అలాంటిచోట ఇబిడ్ వాడకూడదనే చెబుతారు. వాడేశారు కాబట్టి రెండు పుస్తకాల్లోనూ 45వ పుట తీసి చూడాలి, వేరే దారి లేదు. నాకు తెలిసిన కొందరు చివర ఉన్న పుస్తకమే అంటారు, కొందరు రెండూ అంటారు. నేను మాత్రం ఏదో ఒకటి అనుకుని రాయను.

చీరాల_శీను

లత గారూ, వేటపాలెం వెళ్లొచ్చాను. మీరు రాసిన కాగితం చూపించి అడిగాను. సూయెల్ పేరు మీద ఏమున్నాయో పాత రిజిస్టర్ చూసి చెబుతామన్నారు, శనివారం రమ్మన్నారు. మీరు కూడా అదే రోజు రండి. పొద్దున లైబ్రరీ చూసుకుని, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం ఎండ తగ్గాక మోటుపల్లి వెళ్దాం. సూయెల్ నోట్ ఉన్న ఆ పేజీ జిరాక్స్ తెచ్చుకోవడం మరిచిపోకండి.